రికార్డులు పోయినా తగ్గని ఫైలు

ఒక మందుల షాపులో బిల్లింగ్ ప్రోగ్రామ్ ఉందనుకుందాం. లెక్కలన్నీ bills.db అనే ఒకే ఎస్‌క్యూలైట్ ఫైల్లో ఉంటాయి, సైజు 200 ఎంబీ. పాత సంవత్సరాల బిల్లులు ఇక అక్కర్లేదని ఓనరు ముప్పావు వంతు రికార్డులు తీసేయించాడు. ప్రోగ్రామ్‌లో వెతికితే ఒక్క పాత బిల్లూ కనిపించదు. ఫైలు మాత్రం 200 ఎంబీ దగ్గరే ఉంది, ఒక్క కేబీ కూడా తగ్గలేదు. డిలీట్ సరిగ్గా జరగలేదేమోనని అనుమానం వస్తుంది. నిజానికి అది సరిగ్గానే జరిగింది.

ఎస్‌క్యూలైట్ తన ఫైలును సమానమైన పేజీలుగా విడగొట్టుకుంటుంది. ఇప్పటి వెర్షన్లలో మామూలుగా ఒక్కో పేజీ 4096 బైట్లు. ఒక పేజీలోని రికార్డులన్నీ పోతే ఆ పేజీ నంబరు ‘ఫ్రీలిస్ట్’ అనే ఖాళీల జాబితాలోకి ఎక్కుతుంది. రేపు కొత్త బిల్లు వస్తే చోటు ముందుగా అక్కణ్నుంచే దొరుకుతుంది. అద్దెకున్నవాళ్లు ఖాళీ చేసి వెళ్లారని మేడ చిన్నదైపోదు, గుమ్మానికి టులెట్ బోర్డు పడుతుంది, అంతే.

ఖాళీ ఎంతుందో ఫైలునే అడగొచ్చు:

```
PRAGMA page_size;
PRAGMA page_count;
PRAGMA freelist_count;
```

మన షాపు ఫైలుకు వరసగా 4096, 51200, 38400 అని వచ్చాయనుకోండి. మొత్తం 51200 పేజీల్లో 38400 ఖాళీ, అంటే 150 ఎంబీ వృథాగా పడి ఉంది.

అలాంటప్పుడు ఆ ఖాళీని కోసి పారేస్తే సరిపోదా? పాత బిల్లులు ఫైలు మొదట్లో చేరాయి, కొత్తవి చివర్లో ఉన్నాయి. కాబట్టి ఖాళీ ఎక్కువగా ముందువైపే ఏర్పడింది. ఫైలును తేలిగ్గా కత్తిరించగలిగేది చివర్నే, అక్కడేమో నిన్నటి బిల్లులున్నాయి. పైగా ఏ సమాచారం ఎక్కడుందో ఒక పేజీ ఇంకో పేజీకి చెప్పేది నంబరుతోనే. మధ్యలో పేజీలు తీసేస్తే ఆ నంబర్లన్నీ తప్పుతాయి. అందుకే డిలీట్ ఆ జోలికి పోదు.

ఆ పని చేసేది ఈ ఒక్క మాట:

```
VACUUM;
```

ఇది ఖాళీలను ఒక్కొక్కటిగా పూడ్చుకుంటూ పోదు. ఒక తాత్కాలిక ఫైలు తెరిచి, బతికున్న రికార్డులన్నిటినీ అందులోకి వరసగా, దగ్గర దగ్గరగా తిరగరాస్తుంది. తర్వాత దాన్ని తెచ్చి పాత ఫైలు మీద రాసి, మిగిలిన తోకను కత్తిరిస్తుంది. మన ఫైలు 50 ఎంబీకి దిగుతుంది. ఇంకా కొంచెం తగ్గినా ఆశ్చర్యం లేదు, ఎందుకంటే సగం సగం నిండిన పేజీలు కూడా ఈ తిరగరాతలో సర్దుకుంటాయి. అలాంటి పేజీలు ఫ్రీలిస్ట్ లెక్కలోకి రావు. రికార్డులు వరసగా కాక అక్కడొకటి ఇక్కడొకటి తీసేసినప్పుడు freelist_count చాలా తక్కువ చూపించినా, వాక్యూమ్ తర్వాత ఫైలు బాగా తగ్గడానికి కారణం అదే.

చిక్కంతా డిస్కు దగ్గరే. పని నడుస్తున్నంతసేపు అసలు ఫైలు సైజుకు రెట్టింపు దాకా ఖాళీ చోటు అవసరం కావచ్చు. డిస్కు నిండిపోయిందనే కదా చాలామంది వాక్యూమ్ మొదలుపెట్టేది, తీరా అప్పుడు `database or disk is full` అని ఎదురు చెబుతుంది! తాత్కాలిక ఫైలు వేరే డ్రైవులో తయారవుతుంటే, అక్కడ చోటు లేకపోయినా ఇదే మాట వస్తుంది. ట్రాన్సాక్షన్ మధ్యలో వాక్యూమ్ నడవదు. అది నడుస్తుండగా కొత్త బిల్లు రాయబోతే ఆగాల్సిందే, కనుక కొట్టు కట్టేశాక చేయడం మేలు. పాత ఫైలును ముట్టుకోకుండా కుదించిన నకలు వేరేగా కావాలంటే `VACUUM INTO 'kotta.db';` ఉంది. 2019లో వచ్చిన 3.27 వెర్షన్ నుంచి ఇది పనిచేస్తుంది.

auto_vacuum అనే అమరిక కూడా ఉంది, మామూలుగా అది ఆఫ్‌లోనే ఉంటుంది. దాన్ని పెడితే ఖాళీ పేజీలను చివరికి జరిపి ఎప్పటికప్పుడు కత్తిరిస్తుంది. కానీ సగం నిండిన పేజీలను సర్దదు, పేజీలను అటూ ఇటూ జరపడం వల్ల రికార్డులు మరింత చెల్లాచెదురు కావచ్చు కూడా. నన్నడిగితే, రోజూ కొన్ని రికార్డులు పోతూ కొన్ని చేరుతూ ఉండే ఫైలుకు ఏదీ అక్కర్లేదు. ఈరోజు ఖాళీ అయిన పేజీ రేపు ఎలాగూ నిండుతుంది. మన షాపులోలాగా ఒక్కసారిగా పెద్ద భాగం తీసేసి, ఆ చోటు మళ్లీ ఇప్పట్లో నిండదనుకున్నప్పుడే వాక్యూమ్ పడ్డ శ్రమకు ఫలితం.

సైజుతో సంబంధం లేని కారణం ఇంకొకటుంది. secure_delete ఆన్‌లో లేకపోతే, తీసేసిన బిల్లులోని రోగి పేరు, మందు పేరు ఆ ఖాళీ పేజీలో అలాగే ఉండిపోవచ్చు. ఫైలును హెక్స్ ఎడిటర్‌లో తెరిస్తే చదవగలం కూడా. ఆ ఫైలును కాపీ చేసి బయటివాళ్ల చేతికిచ్చే ముందు వాక్యూమ్ చేస్తే ఆ పాత అక్షరాలు కొత్త ఫైల్లోకి రావు.