కిరాణా షాపులో ఒకవైపు సరుకు అయిపోతోంది, ఇంకోవైపు అమ్ముడుపోక మిగిలిపోతోంది: ఆర్డర్ లెక్క ఎలా వేయాలి?

ఈ ఎపిసోడ్‌లో మనం చిన్న కిరాణా షాపులో స్టాక్ గురించి మాట్లాడుకుందాం. రెండే రెండు వస్తువులు తీసుకుందాం. ఒకటి రోజూ అమ్ముడుపోయే సన్‌ఫ్లవర్ నూనె లీటర్ ప్యాకెట్. రెండోది నెలకి మూడో నాలుగో పోయే హెల్త్ డ్రింక్ జార్. మొదటిది మాటిమాటికీ అయిపోతుంది, రెండోది ర్యాక్ మీద దుమ్ము పట్టి కూర్చుంటుంది. చూడ్డానికి ఇవి రెండు వేరు వేరు సమస్యలు అనిపిస్తాయి కానీ, నూనెకి పెట్టాల్సిన డబ్బులే వెళ్లి ఆ జార్లలో ఇరుక్కుంటాయి.

ముందు నూనె సంగతి చూద్దాం. ఒక కాలనీలో షాపు ఉంది అనుకోండి. డిస్ట్రిబ్యూటర్ తరఫు సేల్స్‌మ్యాన్ ప్రతి మంగళవారం పొద్దున వచ్చి ఆర్డర్ రాసుకుంటాడు, బుధవారం పొద్దున సరుకు దిగుతుంది. పెట్టెకి 10 ప్యాకెట్లు. షాపాయన ప్రతి వారం 6 పెట్టెలు చెప్తాడు. ఎందుకు ఆరే అని అడిగితే, "వారానికి 60 ప్యాకెట్లే పోతాయండీ" అంటాడు. బిల్లులు తీసి చూసినా 60 అనే ఉంటుంది.

కానీ ఇక్కడే ఒక మెలిక ఉంది. ఆ 60 ప్యాకెట్లు బుధవారం నుంచి ఆదివారం దాకా, అంటే ఐదు రోజుల్లోనే అయిపోతున్నాయి. సోమ, మంగళవారాల్లో ర్యాక్ ఖాళీ. అంటే రోజుకి 60ని 7తో భాగించి ఎనిమిదిన్నర అనుకోకూడదు. సరుకు ఉన్న రోజులు 5, కాబట్టి 60ని 5తో భాగించాలి. రోజుకి 12. వారానికి అసలు గిరాకీ 84. ఆ తేడా 24 ప్యాకెట్లు ఏ బిల్లులోనూ కనబడవు. ఎందుకంటే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అయినా, పుస్తకం అయినా అమ్మింది మాత్రమే రాస్తుంది. "నూనె లేదమ్మా" అని తిప్పి పంపింది ఎక్కడా ఎక్కదు. పైగా నూనె కోసం వచ్చిన మనిషి చేతిలో పప్పు, చక్కెర, సబ్బులు అని చీటీ ఉంటుంది. ఆ చీటీ మొత్తం పక్క షాపుకి వెళ్లిపోతుంది.

అందుకని చేయాల్సిన మొదటి పని చాలా చిన్నది. సరుకు అయిపోయిన రోజున పుస్తకంలో ఆ వస్తువు పక్కన ఒక ఇంటూ గుర్తు పెట్టండి. సగటు తీసేటప్పుడు ఇంటూ ఉన్న రోజుల్ని లెక్కలోంచి తీసేయండి. అన్ని వస్తువులకీ అక్కర్లేదు, రోజూ తిరిగే ఓ 30 వస్తువులకి చేస్తే చాలు.

ఇప్పుడు ఎంత ఆర్డర్ పెట్టాలి? చాలామంది "చెప్తే మర్నాడే వస్తుంది కదా" అని ఒక్క రోజుకి సరిపడా చూసుకుంటారు. తప్పు అక్కడే జరుగుతుంది. ఈ మంగళవారం మీరు చెప్పిన సరుకు, మళ్లీ వచ్చే వారం బుధవారం సరుకు దిగేదాకా రావాలి. మధ్యలో సేల్స్‌మ్యాన్ రాడు. అంటే 7 రోజులు ప్లస్ 1 రోజు, మొత్తం 8 రోజులు. 12 ఇంటూ 8, 96 ప్యాకెట్లు. దీనికి తోడు బండి ఒక రోజు లేటు కావచ్చు, ఎవరింట్లోనో ఫంక్షన్ అని ఒకేసారి పది ప్యాకెట్లు పట్టుకెళ్లొచ్చు. దానికి రెండు రోజుల అమ్మకం, అంటే 24 అదనం. మొత్తం 120. ఇది ఈ షాపుకి నూనె గరిష్ఠ మట్టం అనుకోండి.

సేల్స్‌మ్యాన్ రాగానే ర్యాక్ మీద ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాలి, ఇంతకుముందు చెప్పి ఇంకా రానివి ఉంటే అవీ కలపాలి, 120 లోంచి తీసేయాలి. 36 ఉన్నాయి అనుకోండి, 84 కావాలి, అంటే 9 పెట్టెలు. ర్యాక్ ఖాళీగా ఉన్న మొదటి వారం మాత్రం 12 పెట్టెలు పడుతుంది. ఆ తర్వాత వారం వారం ఎనిమిదో తొమ్మిదో సరిపోతాయి. షీట్‌లో పెట్టుకునేవాళ్లకి, B2లో ఉన్న స్టాక్, C2లో రావాల్సింది వేసి ఇలా రాయండి, పెట్టెల సంఖ్య వస్తుంది:

```
=ROUNDUP(MAX(0,120-B2-C2)/10,0)
```

సరే, ఆ మొదటి వారం అదనపు పెట్టెలకి డబ్బులెక్కడివి? ఇప్పుడు జార్ల దగ్గరికి వద్దాం.

హెల్త్ డ్రింక్ జార్ నెలకి 3 పోతుంది. కొన్న ధర 200, అమ్మే ధర 240 అనుకుందాం. సేల్స్‌మ్యాన్ వచ్చి "24 తీసుకుంటే 2 ఫ్రీ సార్, ఈ రోజే ఆఖరు" అంటాడు. 400 రూపాయల సరుకు ఊరికే వస్తోంది కదా అని ఎవరికైనా ఆశ పుడుతుంది. కానీ 26 జార్లు, నెలకి 3 చొప్పున, దాదాపు 9 నెలలు పడుతుంది. జార్ తిప్పి చూస్తే ఎక్స్‌పైరీకి 6 నెలలే ఉంది. అందులోనూ చివరి రెండు నెలలు వదిలేయండి, ఎందుకంటే పిల్లలకి కొనే వస్తువు కాబట్టి తేదీ దగ్గరపడితే చూసి పక్కన పెట్టేస్తారు. అంటే అమ్మకానికి మిగిలింది 4 నెలలు, 12 జార్లు. 4,800 కట్టారు, 2,880 తిరిగొచ్చింది. 1,920 రూపాయలు 14 జార్ల రూపంలో ర్యాక్ మీద కూర్చున్నాయి. 400 ఫ్రీ కోసం 1,920 ఇరికించుకున్నట్టు.

కాబట్టి స్కీమ్ వినగానే ఒక్క భాగహారం చేయండి. ఫ్రీతో కలిపి వచ్చే మొత్తాన్ని మీ నెల అమ్మకంతో భాగిస్తే ఎన్ని నెలలో వస్తుంది. అది ఎక్స్‌పైరీ నెలల్లోంచి రెండు తీసేసిన దానికంటే ఎక్కువైతే వద్దనండి. ఇక్కడ 9 నెలలు, 4 నెలలు, వద్దు. నూనెకి అలాంటి స్కీమే వస్తే నిశ్చింతగా తీసుకోవచ్చు, పది రోజుల్లో పోతుంది కాబట్టి. తప్పనిసరిగా తీసుకోవాల్సి వస్తే, ఎక్స్‌పైరీ సరుకు వెనక్కి తీసుకుంటారా లేదా అన్నది బిల్లు మీదే రాయించండి. నోటి మాటగా చెప్పిన సేల్స్‌మ్యాన్ ఆర్నెల్లకి వేరే రూట్‌కి మారిపోతే అడగడానికి ఎవరూ ఉండరు.

ఇప్పటికే ఇరుక్కున్న సరుకు సంగతి? సరుకు దిగిన రోజు పెట్టె మీద మార్కర్‌తో తేదీ రాసే అలవాటు పెట్టుకోండి. 60 రోజులైనా ఒక్కటి కూడా కదలకపోతే అది డెడ్ స్టాక్ కింద లెక్క. ముందు డిస్ట్రిబ్యూటర్‌ని వేరే సరుకుతో మార్పిడి అడగండి. ఒప్పుకోకపోతే తేదీకి మూడు నెలల ముందే కొన్న ధరకి అమ్మేయండి. లాభం పోతుంది, అసలు దక్కుతుంది. తేదీ దాటాక తినే వస్తువు అమ్మడం చట్టరీత్యా నేరం, అప్పుడు అసలు కూడా పోయినట్టే.

ఈ లెక్కకి కొన్ని పరిమితులు ఉన్నాయండీ. జీతాలొచ్చే మొదటి పది రోజుల అమ్మకం, నెలాఖరు అమ్మకం ఒకటి కాదు, రెండింటికీ సగటు విడిగా తీయండి. సంక్రాంతి, దసరా ముందు బెల్లం, నూనె, మైదా లాంటివాటికి పోయిన ఏడాది అదే వారం పుస్తకం చూసుకోవాలి. పెరుగు, బ్రెడ్ లాంటివి రోజూ వచ్చేవి కాబట్టి 8 రోజుల లెక్క వాటికి పనికిరాదు, రేపటిదాకా సరిపోతే చాలు.

వచ్చే మంగళవారం సేల్స్‌మ్యాన్ బండి ఆపేలోపు ఒక్క నూనెకి మాత్రం ఈ లెక్క వేసి చూడండి. నాలుగు వారాల తర్వాత మీ పుస్తకంలో ఇంటూ గుర్తులు లెక్కపెట్టండి. తగ్గకపోతే, రోజుకి 12 అనుకున్నది 14 ఉందేమో చూసి మట్టం పెంచండి. ఇంటూలు అసలు లేకుండా, ప్రతి మంగళవారం యాభై పైన మిగులుతుంటే కాస్త తగ్గించండి.