మూడు చుక్కల తర్వాత ఏముంది?

చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో హోమ్ స్క్రీన్‌ను కుడివైపుకి జరిపితే వార్తలు, వంటలు, సినిమా కబుర్లు వరసగా వచ్చిపడతాయి. ఎవరూ ఏదీ వెతకలేదు, అయినా వచ్చాయి. అదే గూగుల్ డిస్కవర్. 2018లో ఈ పేరు పెట్టకముందు దాన్ని గూగుల్ ఫీడ్ అనేవారు. అక్కడ పాఠకుడికి కనిపించేవి ఒక బొమ్మ, ఒక శీర్షిక, ఆ సైటు పేరు, అంతే. వేలు ఆగాలా, పైకి తోసెయ్యాలా అన్నది వాటిని చూసే తేలిపోతుంది.

మామిడికాయల రోజుల్లో ఒకావిడ తన వంటల సైటులో ఆవకాయ గురించి రాశారనుకుందాం. కొలతలు సరిగ్గా ఉన్నాయి, ఫొటోలూ బాగున్నాయి. కానీ డిస్కవర్‌లో ఆ పోస్టు పక్కన గోరంత బొమ్మ పడింది, అదీ సైటు లోగో! పేజీలో ఎర్రగా నిగనిగలాడే జాడీ ఉండగా లోగో ఎలా వచ్చింది?

పేజీలో కంటికి కనిపించే బొమ్మ వేరు, ఈ పేజీకి బొమ్మ ఇదీ అని కోడ్‌లో og:image దగ్గర రాసి ఉండేది వేరు. చాలా టెంప్లేట్లు అక్కడ లోగోను పెట్టి వదిలేస్తాయి. కోడ్ చదవడం రానివాళ్లకి ఒక దారి ఉంది. లింకును వాట్సాప్‌లో తమకే పంపుకుంటే అక్కడ సాధారణంగా ఆ og:image బొమ్మే కనిపిస్తుంది.

తర్వాతది కొలత. బొమ్మ వెడల్పు కనీసం 1200 పిక్సెళ్లు ఉండాలంటుంది గూగుల్. వాట్సాప్‌లో నాలుగు చేతులు తిరిగొచ్చిన ఫొటో అంత ఉండకపోవచ్చు, అసలు ఫొటోనే తీసుకోవాలి. పెద్ద బొమ్మ చూపించడానికి అనుమతి కూడా ఇవ్వాలి. అది ఒక్క వరస:

```
<meta name="robots" content="max-image-preview:large">
```

వర్డ్‌ప్రెస్‌లో 2021లో వచ్చిన 5.7 వెర్షన్ నుంచి ఇది దానంతటదే చేరుతోంది. కర్బీస్ క్రేవింగ్స్ అనే అమెరికా వంటల బ్లాగు ఈ అనుమతి ఇచ్చాక డిస్కవర్‌లో చూసినవాళ్లలో నొక్కినవాళ్ల వాటా 79 శాతం పెరిగిందని గూగుల్ స్వయంగా చెప్పుకుంది. అందరికీ అంత పెరుగుతుందని కాదు. పైగా మనం చూపిన బొమ్మనే గూగుల్ వాడుతుందన్న హామీ కూడా లేదు.

ఇక జాడీ. ఫోన్ నిలువుగా పట్టుకుని తీస్తే జాడీ అందంగానే వస్తుంది. కార్డు మాత్రం అడ్డంగా, 16:9లో ఉంటుంది. కత్తిరింపులో మూత పోతుంది, లేదా అడుగు పోతుంది. బేసిన్‌లో ముక్కలకు కారం పట్టిస్తున్న చేతిని అడ్డంగా, 1200 × 675కి తగ్గకుండా తీస్తే ఆ తిప్పలు లేవు. బొమ్మ మీద పెద్దక్షరాలు రాయడం మనవాళ్లకి యూట్యూబ్ అంటించిన జబ్బు. అంచు తెగిందంటే ఆ అక్షరాలూ సగమే మిగులుతాయి.

శీర్షిక దగ్గర ఆవిడ మొదట రాసింది ఇది: ‘ఆవకాయ పెట్టేటప్పుడు ఈ ఒక్క తప్పు చేశారో.. ఇక అంతే!’ ఏ తప్పో చెప్పలేదు. అసలు సంగతి దాచిపెట్టి ఊరించడాన్ని గూగుల్ తన సూచనల్లో పేరుపెట్టి మరీ వద్దంది. మోసం ముదిరితే సెర్చ్ కన్సోల్‌లో చర్య నోటీసు కూడా రావచ్చు. ఆవిడ మార్చి రాశారు: ‘ఆవకాయకు బూజు పట్టేది తడి ముక్కల వల్లే: తుడవడం నుంచి నూనె తేలేదాకా’. ఇందులో జవాబు సగం బయటపడింది, నిజమే. అయినా నిరుడు జాడీ పారబోసుకున్న మనిషి మిగతా సగం కోసం లోపలికి వస్తుంది.

తెలుగుకి ఇంకో చిక్కుంది. మన వాక్యంలో అసలు మాట చివర్న ఉంటుంది, ‘కాదు’, ‘లేదు’ కూడా అక్కడే. పొడుగు శీర్షికను ఫోన్ మూడు చుక్కలతో తెంపేస్తుంది. ‘రేపటి నుంచి వరసగా నాలుగు రోజులు బ్యాంకులకు సెలవు అన్న ప్రచారం నిజం కాదు’ అని నిజాయతీగా రాసినా, ‘సెలవు...’ దగ్గర తెగిందంటే పుకారును మనమే మోసినట్టు. ‘బ్యాంకులకు నాలుగు రోజుల సెలవు లేదు’ అని ముందే ముగించి, వివరం తర్వాత పెడితే ఎక్కడ తెగినా నష్టం లేదు.

ఫలితం తెలుసుకోవడానికి సెర్చ్ కన్సోల్‌లో డిస్కవర్ నివేదిక ఉంటుంది. కొంత కనీస సంఖ్యలో జనానికి కనిపించాకే అది తెరుచుకుంటుంది. 10,000 సార్లు కనిపించి 300 మంది నొక్కితే 3 శాతం. బాగా కనిపించీ ఎవరూ నొక్కకపోతే అనుమానించాల్సింది బొమ్మనూ శీర్షికనూ. అసలు కనిపించకపోతే కారణం వేరే కావచ్చు, ఎందుకంటే డిస్కవర్ ఎవరి ఆసక్తిని బట్టి వాళ్లకి వడ్డిస్తుంది. ఇవాళ విస్తరి నింపి రేపు ఖాళీగా వదిలేస్తుంది కూడా.

ఈ నివేదికలో కనిపించనిది ఒకటుంది: లోపలికొచ్చిన మనిషి ఎంతసేపు నిలబడిందో. దానికి వేరే లెక్క చూడాలి. ఆవకాయ పేజీకి వచ్చినవాళ్లు పది సెకన్లకే వెనక్కి పోతుంటే, తుడవడం గురించి శీర్షికలో చెప్పిన మాట పేజీలో ఎన్నో పేరాలో ఉందో ఆవిడ ఒకసారి చూసుకోవాలి.