రాత్రి పదింటికీ చల్లారని డాబా

మే నెల మిట్టమధ్యాహ్నం హైదరాబాద్‌లో డాబా పైభాగం వేడి 60 డిగ్రీలు దాటడం మామూలే. ఆ వేడి స్లాబ్‌లోంచి కిందికి దిగడానికి గంటలు పడుతుంది. అందుకే పొద్దుగూకాక కూడా పై అంతస్తులో ఫ్యాన్ వేడిగాలే విసురుతుంది.

మేస్త్రీని అడిగితే చాలాసార్లు బ్రిక్‌బ్యాట్ కోబా వేయించుకోమంటాడు. ఇటుక ముక్కలు పరిచి, సందుల్లో సిమెంటు మాలు నింపి, నీళ్లు జారేలా వాలు ఇచ్చి నున్నగా పూస్తారు. వాన నీరు నిలవకుండా చేయడంలో దానికి మంచి పేరుంది. వేడి విషయంలో మాత్రం దాని మీద అంత నమ్మకం పెట్టుకోకూడదు. నాలుగంగుళాల కోబా అడ్డుకునే వేడి, అంగుళం మందం ఫోమ్ బోర్డు ఆపేదానికన్నా చాలా తక్కువ. కోబా వేడిని ఆపదు, దాచుకుని ఆలస్యంగా వదులుతుంది. పైగా వంద గజాల డాబా మీద దాని బరువు పదిహేను టన్నుల పైమాటే. పాత ఇంటికైతే ఇంజినీరు చూడకుండా వేయించకూడదు.

తెల్లని కూల్ రూఫ్ పూత దారి వేరు: ఎండ లోపలికి ఇంకకముందే తిప్పికొడుతుంది. మామూలు కాంక్రీటు ఎండలో మూడో వంతు కూడా వెనక్కి పంపదు, కొత్త తెల్లపూత దాదాపు 80 శాతం పంపేస్తుంది. హైదరాబాద్‌లోనే ఏసీ భవనాల మీద జరిగిన పరిశీలనలో, కాంక్రీటు పైకప్పుకు తెల్లపూత వేశాక చల్లదనానికయ్యే కరెంటు 10 నుంచి 19 శాతం తగ్గింది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది. 600 గజాలు, ఆపై స్థలంలో కట్టే ఇళ్లకు అది తప్పనిసరి.

పూత చెడేది ఎక్కువగా కింది నేల వల్లే. డాబాను అరచేత్తో రుద్దితే తెల్లపొడి అంటుకుంటే, వైరు బ్రష్‌తో గీకి కడిగాకే ప్రైమర్ వేయాలి. తడి ఉందో లేదో తెలియాలంటే ప్లాస్టిక్ షీటు ముక్కను నాలుగు వైపులా టేపుతో అంటించి మర్నాటి దాకా వదిలేస్తే చాలు. అడుగున చెమ్మ పట్టిందంటే ఇంకా ఆరలేదన్నమాట. అలాంటి చోట పూత బుడగలు తేలి పెచ్చులూడుతుంది. వంద గజాలకు రెండు కోట్లు వేయడానికి సాధారణంగా 30 నుంచి 35 లీటర్లు కావాలి. దుమ్ము పేరుకుంటే పూత పని తగ్గుతుంది కాబట్టి ఏటా ఎండలు ముదరకముందే కడగాలి.

వేడిని గట్టిగా అడ్డేది ఎక్స్‌పీఎస్ బోర్డు. వాటర్‌ప్రూఫింగ్ చేసి, రెండు రోజులు నీళ్లు నిలిపి చూశాకే, రెండంగుళాల బోర్డులు అతుకులు కలవకుండా పరుస్తారు. పైన కాంక్రీటు పొర, టైల్స్ వస్తాయి. ఆ పొర బరువే కోబాలో సగం దాకా ఉంటుంది. ఖర్చు కూడా మూడింటిలో దీనికే ఎక్కువ. తర్వాత ఎక్కడైనా నీరు కారితే బోర్డులు పెకలించి వెతకాల్సిందే. డాబా మీద మరో అంతస్తు లేపే ఆలోచన ఉన్నవాళ్లకు ఇది దండగ, తెల్లపూత చాలు. ఎప్పటికీ పై అంతస్తుగానే ఉండి, రాత్రంతా ఏసీ నడిచే పడకగది మీదైతే బోర్డు తర్వాతే ఏదైనా.