ఎనిమిది లైట్లూ వెలిగాయి, నెట్ మాత్రం నిలవలేదు

మన్నెగూడ అంటే వికారాబాద్ రోడ్డులో ఉన్నది అనుకోకండి. ఇది సాగర్ రోడ్డు మీద, ఇబ్రహీంపట్నం వెళ్లే దారిలో ఉన్న మన్నెగూడ. అక్కడ మేం నలుగురం ఒక ఇంటి పైన పెంట్‌హౌస్‌లో అద్దెకు ఉంటాం. రౌటర్ కింద ఓనర్ ఆంటీ వాళ్ల హాల్లో ఉంటుంది. రెండు స్లాబులు దాటి వైఫై పైకి రాదు కాబట్టి, 25 మీటర్ల క్యాట్5ఈ వైరు కొని మెట్ల పక్క నుంచి లాగాం. రెండు చివర్లా కనెక్టర్లు కొట్టింది నేనే. క్రింపింగ్ టూలు, టెస్టరు సీనియర్ అన్న దగ్గర తెచ్చుకున్నాం.

టెస్టర్ పెట్టి చూస్తే 1 నుంచి 8 దాకా లైట్లు వరసగా వెలిగాయి, రెండు వైపులా. "అయిపోయింది మామా" అని టూల్ తిరిగిచ్చేశా. మరుసటి రోజు మా సివిల్ వాడి ఇంటర్న్‌షిప్ ఆన్‌లైన్ టెస్ట్ నలభయ్యో నిమిషంలో తెగిపోయింది. మళ్లీ లాగిన్ అయ్యేసరికి టైమ్ అయిపోయింది. వాడు నన్నేమీ అనలేదు, అదే ఇంకా బాధ. ఆ రాత్రి వంద పింగ్‌లు కొట్టి చూస్తే పది పన్నెండు మాయం. లింకు దానంతట అదే పోతుంది, వస్తుంది. లైట్లు మాత్రం ఇప్పటికీ ఎనిమిదీ వెలుగుతాయి!

తప్పు ఎక్కడుందో చెప్తా. నాకు ఎవరో చెప్పిన మాట ఒకటి గుర్తుంది: "రంగుల ఆర్డర్ ఏదైనా పర్లేదు, రెండు వైపులా ఒకేలా ఉంటే చాలు." వినడానికి లాజిక్‌గానే ఉంది కదా, ఈ చివర 3వ పిన్ను ఆ చివర 3వ పిన్నుకే వెళ్తుంది. అందుకని వైరు విప్పగానే జంటలు ఎలా కనిపించాయో అలాగే పక్కపక్కన పెట్టేశా: ఆరెంజ్ జంట, గ్రీన్ జంట, బ్లూ జంట, బ్రౌన్ జంట. చూడ్డానికి చక్కగా ఉంది. కానీ ఈథర్‌నెట్‌కి అది తప్పు.

ఎందుకంటే ఈథర్‌నెట్‌లో సిగ్నల్ ఒక్క తీగ మీద వెళ్లదు, జంట మీద వెళ్తుంది. ఒక తీగ మీద వోల్టేజ్ పెరిగితే జంటలోని రెండో తీగ మీద అంతే తగ్గుతుంది. అవతలి వైపు చిప్పు ఈ రెండిటి తేడా మాత్రమే చూస్తుంది. మధ్యలో ఫ్యాన్ నుంచో, పక్కనున్న కరెంటు వైరు నుంచో నాయిస్ వచ్చి పడితే, రెండు తీగలూ మెలికలు తిరిగి ఉన్నాయి కాబట్టి రెండిటి మీదా దాదాపు సమానంగా పడుతుంది. తేడా తీసినప్పుడు అది కొట్టుకుపోతుంది. ఇది కొత్త ఐడియా కూడా కాదు. టెలిఫోన్ వైర్ల కోసం గ్రాహం బెల్ 1881లోనే దీనికి పేటెంట్ తీసుకున్నాడు.

మరి పిన్నుల్లో ఏ రెండు జంట? 1-2 జంట, 7-8 జంట, 4-5 జంట. మిగిలినవి 3, 6. అవును, 3 - 6 ఒక జంట, వాటి మధ్యలో 4-5 దూరి కూర్చుంటుంది. ఈ వింత సర్దుబాటుకి పాత టెలిఫోనే కారణం. ఫోన్ లైను ఎప్పుడూ ప్లగ్గు నడిమధ్య రెండు పిన్నుల్లోనే ఉండేది. దాన్ని కదపకుండా రెండో జంటను దాని చుట్టూ పెట్టారు. ఈథర్‌నెట్ తర్వాత వచ్చి ఆ ఇంట్లోనే అద్దెకు దిగింది.

ఇప్పుడు నా ఆర్డర్ చూడండి. 3లో గ్రీన్-వైట్ ఉంది, 6లో బ్లూ ఉంది. చిప్పు ఈ రెండిటినీ జంట అనుకుంటుంది, కానీ వైరు లోపల గ్రీన్-వైట్ మెలిక గ్రీన్‌తో, బ్లూ మెలిక బ్లూ-వైట్‌తో. 25 మీటర్లు వేరే వేరే వాళ్లతో తిరిగి, చివర్లో మాత్రం జంటగా నిలబడ్డాయి. నాయిస్ ఒకదాని మీద ఎక్కువ, ఇంకోదాని మీద తక్కువ పడుతుంది. తేడా తీసినా పోదు. దీన్నే స్ప్లిట్ పెయిర్ అంటారు. 100 ఎంబీపీఎస్ అయితే 1-2, 3-6 రెండు జంటలే వాడుతుంది కాబట్టి పడుతూ లేస్తూ నడుస్తుంది. గిగాబిట్ నాలుగు జంటలనూ ఒకేసారి వాడుతుంది, అప్పుడు 4-5 సిగ్నల్, 3-6 సిగ్నల్ ఒకే మెలికలో పక్కపక్కన ప్రయాణించి ఒకదాన్నొకటి పాడుచేస్తాయి. వైరు ఒకటి రెండు మీటర్లుంటే ఇవేవీ బయటపడకపోవచ్చు. అందుకే "నేను అలాగే కొట్టా, నాకు పనిచేసింది" అనేవాళ్లు దొరుకుతారు. వాళ్లు అబద్ధం చెప్పట్లేదు, వాళ్ల వైరు పొట్టిది అంతే.

టెస్టర్ ఎందుకు పట్టుకోలేదు? అది చేసేది అటెండెన్స్ తీసుకోవడమే. ఒక్కో తీగలోకి కొంచెం కరెంటు పంపి అవతల వచ్చిందా లేదా చూస్తుంది. రోల్ నంబర్ 3 ప్రెజెంట్, 4 ప్రెజెంట్. ఎవరు ఎవరి పక్కన కూర్చున్నారో దానికి తెలీదు. ఒక లైటు వెలగకపోతే ఆ తీగ అందలేదని, రెండు లైట్లు ఒకేసారి వెలిగితే షార్ట్ అయ్యిందని, అవతలి వైపు వరస తప్పితే తీగలు తారుమారయ్యాయని చెప్పగలదు. స్ప్లిట్ పెయిర్ చెప్పలేదు. అది తెలియాలంటే జంటల మధ్య క్రాస్‌టాక్ కొలిచే ఖరీదైన మీటరు కావాలి, లేదంటే మన కళ్లు. కనెక్టర్ ప్లాస్టిక్ పారదర్శకంగానే ఉంటుంది కదా. నడిమధ్యలో బ్లూ జంట ఉందా, దానికి అటూ ఇటూ గ్రీన్ జంట ఉందా అని చూస్తే చాలు. టీ568బీ ఆర్డర్‌లో అలాగే ఉంటుంది.

ఆ ఆర్డర్ ఇది. క్లిప్పు కిందికి, బంగారు రంగు పిన్నులు పైకి, వైరు దూర్చే నోరు మన వైపు ఉండేలా పట్టుకుంటే ఎడమ చివరిది 1. అక్కడి నుంచి ఆరెంజ్-వైట్, ఆరెంజ్, గ్రీన్-వైట్, బ్లూ, బ్లూ-వైట్, గ్రీన్, బ్రౌన్-వైట్, బ్రౌన్. టీ568ఏ అని ఇంకోటుంది, అందులో ఆరెంజ్ జంట, గ్రీన్ జంట చోట్లు మార్చుకుంటాయి. దాంట్లోనూ జంటలు విడిపోవు కాబట్టి రెండూ సరైనవే. రెండు చివర్లా ఒకటే వాడండి, అంతే.

మళ్లీ టూల్ అడిగి తెచ్చా. అన్న నవ్వాడు. పాత కనెక్టర్లు రెండూ కోసి పడేశా, ఎందుకంటే ఒకసారి క్రింప్ అయిన కనెక్టర్ మళ్లీ పనికిరాదు. రబ్బర్ బూట్ ముందే వైరులోకి ఎక్కించాలి. ఇది మర్చిపోయి తర్వాత తల కొట్టుకోని వాడు ఉండడు. పైతొక్క రెండు మూడు సెంటీమీటర్లు తీసి, లోపలి తీగల ఇన్సులేషన్ మీద బ్లేడు గాటు పడిందేమో వంచి చూశా. గాటు ఉంటే అక్కడికి కోసి మళ్లీ మొదలు. తీగల ఇన్సులేషన్ మాత్రం తీయకూడదు. క్రింప్ చేసినప్పుడు పిన్ను అంచే దాన్ని చీల్చుకుని రాగిని పట్టుకుంటుంది.

మెలికలు విప్పి, వేళ్లతో లాగి తీగలు నిటారుగా చేసి, ఆర్డర్‌లో పెట్టి, బొటనవేలితో గట్టిగా పట్టుకుని ఒక్క దెబ్బకి అడ్డంగా కోశా. బయట మిగలాల్సింది 13 మిల్లీమీటర్ల లోపే. మొదటిసారి నేను రెండు సెంటీమీటర్లకు పైగా వదిలా. అంత వదిలితే రెండు నష్టాలు. మెలిక లేని భాగం పెరిగి జంటలు ఒకదాన్నొకటి గెలుకుతాయి. ఇంకోటి, పైతొక్క కనెక్టర్ బయటే ఆగిపోతుంది. క్రింప్ చేసేటప్పుడు వెనకాల ఉన్న ప్లాస్టిక్ నాలుక ఆ తొక్కనే నొక్కి పట్టుకోవాలి. తొక్క లోపల లేకపోతే ఎవరైనా వైరు కాలితో తన్నినప్పుడల్లా లాగుడంతా సన్నటి తీగల మీదే పడుతుంది.

దూర్చాక నొక్కే ముందు కనెక్టర్ మూతి వైపు నుంచి చూడాలి. ఎనిమిది రాగి చుక్కలూ అంచుకు తగిలి మెరవాలి. నాకు బ్రౌన్ ఒక్కటి వెనకే ఉండిపోయింది. బయటికి లాగి, మళ్లీ సమంగా కోసి దూర్చా. అది చూడకుండా నొక్కేసి ఉంటే తమాషాగా ఉండేది: 7-8 జంట లేకపోయినా 100 ఎంబీపీఎస్ నడుస్తుంది కాబట్టి చాలా కార్డులు చప్పుడు చేయకుండా 100కి దిగిపోతాయి. నెట్ వస్తుంది, మనం సంతోషంగా ఉంటాం. కొన్ని కార్డులకైతే లింకే రాదు. చూసుకున్నాక టూల్ పూర్తిగా నొక్కి, అది తనంతట తాను వదిలేదాకా పట్టుకోవాలి.

ఇక పరీక్ష. ముందు టెస్టర్, అటెండెన్స్ కూడా అవసరమే. తర్వాత ల్యాప్‌టాప్‌కి పెట్టి చూశా (మీ కార్డు పేరు `ip link`లో కనబడుతుంది):

```
sudo ethtool enp2s0
```

అందులో చూడాల్సినవి ఇవి:

```
Speed: 1000Mb/s
Duplex: Full
Link detected: yes
```

విండోస్ వాళ్లు పవర్‌షెల్‌లో `Get-NetAdapter` కొడితే `LinkSpeed` కనిపిస్తుంది. 1000 వచ్చిందంటే నాలుగు జంటలూ పనిచేస్తున్నట్టే. 100 వస్తే వెంటనే వైరును తిట్టొద్దు. చవక రౌటర్లలో చాలావాటికి పోర్టే 100. దానికి పెట్టి చూస్తే బ్లూ, బ్రౌన్ జంటలు ఎలా ఉన్నాయో మీకు ఎప్పటికీ తెలీదు. ఆంటీ వాళ్ల రౌటర్‌కి గిగాబిట్ పోర్టులు ఉన్నాయి కాబట్టి మాకు తెలిసింది.

స్పీడు 1000 అని చూపించినా లోడు పడ్డప్పుడు నిలవాలి. సివిల్ వాడు తన ల్యాప్‌టాప్ తీసుకుని కిందికెళ్లి రౌటర్ ఇంకో పోర్టుకి పెట్టి `iperf3 -s` నడిపాడు. పై నుంచి నేను:

```
iperf3 -c 192.168.0.105 -t 60 -R
ip -s link show enp2s0
```

మొదటిది నిమిషం పాటు వైరును నింపేస్తుంది. గిగాబిట్ లింకు మీద 940 ఎంబీపీఎస్ దాకా రావాలి, మాకు 936 వచ్చింది. రెండోది ల్యాప్‌టాప్ ఆన్ చేసినప్పటి నుంచి పాడైన ప్యాకెట్లు ఎన్నో చూపిస్తుంది. `RX` కింద `errors` దగ్గర సున్నా. పాత కనెక్టర్లు కోసే ముందు ఇదే కమాండ్ కొట్టినప్పుడు అక్కడ నాలుగంకెల సంఖ్య ఉండింది, చూస్తుండగానే పెరిగేది.

మా వాడు కింది నుంచి ఫోన్ చేశాడు. "సున్నానేనా? ఇంకోసారి కొట్టు రా, నాకు వచ్చేవారం ఇంకో టెస్ట్ ఉంది." కొట్టా. మళ్లీ సున్నానే.