పంచదార బస్తాలో కనబడని లెక్క

కృష్ణా జిల్లాలోని ఒక చిన్న పట్టణంలో నలభై ఏళ్ళకు పైగా నడుస్తున్న కిరాణా కొట్టు అది. యజమానికి డెబ్బై దాటాయి. కొట్టులో అన్నిటికంటే ఎక్కువ అమ్ముడుపోయేది పంచదార. నెలకు పన్నెండు పదమూడు బస్తాలు ఖాళీ అవుతాయి. పొద్దున పాల ప్యాకెట్టు పట్టుకుని వచ్చే వాళ్ళలో సగం మంది పావుకిలో పంచదార కూడా తీసుకుంటారు. అందుకే దాన్ని గల్లాపెట్టెకు దగ్గరగా, చేతికి అందేలా పెట్టుకున్నారు. తన కొట్టును నిలబెట్టింది పంచదారేనని ఆయన నమ్మకం.

మార్చి 31న ఆదాయపు పన్ను లెక్కల కోసం ఏటా సరుకు లెక్కపెడతారు. ఈసారి ఆ పనికి బీకాం చదువుతున్న మనవరాలు కూర్చుంది. ఏ సరుకు ఎంత ఉందో రాయడం తేలిగ్గానే అయిపోయింది. ఏ సరుకు మీద ఎంత మిగిలిందో రాద్దామంటే మాత్రం ఆధారం దొరకలేదు. కిరాణా కొట్టులో డబ్బంతా ఒకే పెట్టెలో పడుతుంది. సబ్బు మీద వచ్చిన లాభమూ పంచదార మీద వచ్చిన నష్టమూ అక్కడే కలిసిపోతాయి. సాయంత్రం పెట్టె నిండుగా ఉంటే రోజు బాగా గడిచినట్టే లెక్క.

"తాతయ్యా, ఒక్క నెల పంచదార డబ్బులు మాత్రం వేరే డబ్బాలో వేయండి. అరువుకిస్తే చీటీ రాసి అందులోనే వేయండి. ఇంటికి తీసుకెళ్ళినా అంతే" అంది మనవరాలు.

"దాంట్లో తేలేదేముందమ్మా? కిలోకి రెండు రూపాయలు మిగులుతుంది. నలభై రెండుకి కొంటున్నా, నలభై నాలుగుకి అమ్ముతున్నా" అన్నారాయన. అయినా డబ్బా పెట్టారు.

ఏప్రిల్ ఒకటిన కొట్టులో మూడు నిండు బస్తాలు, తెరిచిన బస్తాలో 18 కిలోలు ఉన్నాయి. మొత్తం 168 కిలోలు. ఆ నెలలో 50 కిలోల బస్తాలు పన్నెండు వచ్చాయి, అంటే 600 కిలోలు. నెలాఖరున రెండు బస్తాలు, తెరిచిన దాంట్లో 23 కిలోలు మిగిలాయి. మొదట ఉన్నదానికి కొన్నది కలిపి, మిగిలినది తీసేస్తే కొట్టు నుంచి వెళ్ళిపోయిన సరుకు 645 కిలోలు. కిలో 44 చొప్పున డబ్బాలో 28,380 రూపాయలు ఉండాలి. చీటీలతో కలిపి లెక్కిస్తే ఉన్నది 27,742. తగ్గిన 638 రూపాయలు పద్నాలుగున్నర కిలోల ధర.

దొంగతనమేమోనని పెద్దాయనకు ముందుగా అనుమానం వచ్చింది. మనవరాలు మాత్రం కట్టి ఉంచిన పావుకిలో పొట్లాలు ఇరవై తీసి ఒకేసారి కాటాలో పెట్టింది. 5 కిలోలు ఉండాల్సినవి 5 కిలోల 120 గ్రాములు తూగాయి. పొట్లానికి 6 గ్రాములు ఎక్కువ పోతోంది. కిరాణా కొట్లలో కనిపించే కాటాలు చాలావరకు 5 గ్రాముల చొప్పునే అంకెలు మారుస్తాయి. తక్కువ తూచారన్న మాట రాకూడదని ఆయన అంకె 250 దాటేదాకా పోస్తారు, పైన చేత్తో కాస్త కొసరు వేస్తారు. ఒక్క పొట్లంలో ఆ ఆరు గ్రాములు ఎవరి కంటికీ కనబడవు. ఆ నెల దాదాపు 1,900 పొట్లాలు కట్టారు. ఆరు గ్రాముల చొప్పున పదకొండు కిలోలకు పైగా అలాగే పోయింది. మిగతా మూడు కిలోలు బస్తా కుట్ల దగ్గర అంటుకున్నవి, నేల మీద ఒలికినవి, బస్తాలోనే తరుగు వచ్చినవి.

తూకంలో పోయినదాన్ని తీసేసినా ఇంకా కొంత మిగలాలి. 645 కిలోల కొనుగోలు ధర 27,090. డబ్బాలోని 27,742 నుంచి అది పోతే చేతిలో మిగిలేది 652 రూపాయలు. హోల్‌సేల్ కొట్టు నుంచి తెచ్చిన ఆటోకి, దించిన హమాలీకి బస్తాకి ఇరవై చొప్పున 240 అయింది. కవరు ఒక్కోటి ముప్పై పైసలు, 1,900 కవర్లకు 570. ఖాళీ గోతాలు అమ్మితే 96 తిరిగి వచ్చాయి. అన్నీ కలిపి చూస్తే 62 రూపాయల నష్టం. ఇందులో కొట్టు అద్దె లేదు, కరెంటు లేదు, పొట్లాలు కట్టే కుర్రాడి జీతం లేదు. టీ కొట్టువాళ్ళు నెలాఖరుదాకా ఆపిన బాకీ మీద వడ్డీ కూడా లేదు.

నష్టం 62 రూపాయలే కాబట్టి దీన్ని వెంటనే నమ్మేయకూడదు. తెరిచిన బస్తాను కంటితో చూసి "ఇరవై కిలోలుంటుందిలే" అని రాసుకుంటే, ఒక కిలో పొరపాటుకే 42 రూపాయలు మారిపోతాయి. అందుకే మనవరాలు మొదటి రోజు, చివరి రోజు కూడా తెరిచిన బస్తాను కాటా మీదే పెట్టించింది. మే నెలలో మళ్ళీ అదే లెక్క వేసింది. ఈసారీ నష్టమే, కొద్ది రూపాయల తేడాతో.

అమ్మకం పెంచితే ఈ నష్టం తీరదు. అద్దెలా అమ్మకంతో సంబంధం లేని ఖర్చయితే ఎక్కువ అమ్మేకొద్దీ కిలో మీద పడే భారం తగ్గుతుంది. కొసరు, కవరు అలాంటివి కావు. ప్రతి పొట్లంతోనూ అవి మళ్ళీ ఖర్చవుతాయి. పైగా పావుకిలోకి అయ్యే కవరు, పట్టే సమయం, పోయే కొసరు దాదాపు కిలోకి అయ్యేంతే. కిలో ఒకే పొట్లంగా పోతే ఒకసారి కవరు, ఒకసారి కొసరు. నాలుగు పావుకిలోలుగా పోతే రెండూ నాలుగుసార్లు. కొట్టులో పంచదార మీద పోతున్నదంతా అసలు పావుకిలో పొట్లాలలోనే పోతోంది.

పంచదార ధర పెంచేయమంటే ఆయన ఒప్పుకోలేదు. దానికి కారణం ఉంది. కిలో పంచదార ఎంతో ప్రతి ఇంటికీ తెలుసు. పోపు గింజల ధర అంతగా ఎవరికీ గుర్తుండదు. కొట్టు ఖరీదైనదా చవకైనదా అని జనం తేల్చుకునేది పంచదార, కందిపప్పు, నూనె ధరలతోనే. పెద్ద సూపర్ మార్కెట్లు కూడా కొన్ని సరుకులను తెలిసి తెలిసి నష్టానికి అమ్మేది ఇందుకే. పంచదారకని వచ్చినవాళ్ళు టీ పొడి, బిస్కెట్లు, సబ్బులు కూడా కొంటే ఆ లాభం ఈ నష్టాన్ని పూడుస్తుంది. ఇక్కడ అలా జరుగుతోందా అని వారం రోజులు గీతలు గీసి చూశారు. ఇళ్ళవాళ్ళలో ఎక్కువమంది మరో సరుకు కూడా తీసుకున్నారు. టీ కొట్టువాళ్ళు మాత్రం పంచదార ఒక్కటే, అదీ అరువుకు.

కిలో ధర 44 దగ్గరే ఉంచారు. పదకొండు రూపాయల పావుకిలోను పన్నెండు చేశారు. జనం రద్దీ లేని మధ్యాహ్నం పూట, ఒక్కో గ్రాము చూపించే చిన్న కాటా మీద పొట్లాలు కట్టడం మొదలుపెట్టారు. కొసరు రెండు గ్రాములకు దిగింది. పూర్తిగా ఆపడానికి ఆయన మనసొప్పలేదు. టీ కొట్టువాళ్ళ బాకీ వారానికోసారి వసూలు చేస్తున్నారు. జూన్‌లో పావుకిలో పొట్లాలు వెయ్యికి తగ్గాయి, అర్ధకిలో తీసుకునేవాళ్ళు పెరిగారు. మొత్తం అమ్మకం కాస్త తగ్గినా, కిందటి నెలల్లో తీసిన ఖర్చులే తీసి చూస్తే చేతిలో వెయ్యి రూపాయలకు పైగా మిగిలింది.

ఇప్పుడు డబ్బా మీద కందిపప్పు అని రాసి పెట్టారు. ఈ లెక్క ఇంకొంచెం కష్టం. పంచదారలా కాకుండా పప్పు బస్తా ధర సరుకు వచ్చినప్పుడల్లా మారుతుంటుంది. చౌకగా కొన్న బస్తా, ప్రియంగా కొన్న బస్తా పక్కపక్కనే ఉంటాయి. ఏ బస్తా ఎంతకు కొన్నదో గోతం మీదే మార్కరుతో రాయించి, పాతది అయిపోయాకే కొత్తది విప్పాలని మనవరాలు షరతు పెట్టింది.