పాతవే వాడమంటారా డాక్టర్‌గారూ?

“నమస్తే డాక్టర్‌గారూ. అమ్మకి పాత మందులే కంటిన్యూ చేయమంటారా?”

“అవేనమ్మా. కంటిన్యూ చేయండి.”

మన ఊళ్లలో ఏ ఫ్యామిలీ డాక్టర్‌ ఫోన్ చూసినా ఇలాంటి వాట్సాప్ సంభాషణలు వరసగా కనిపిస్తాయి. అడిగినవాళ్లకు ఆటో ఖర్చు మిగిలింది, డాక్టర్‌గారికి సమయం మిగిలింది. చాలాసార్లు ఏ ఇబ్బందీ రాదు కూడా. ఇబ్బంది వచ్చిన రోజున మాత్రం ఆ రెండు మెసేజ్‌లలో తప్పు వెతుకుదామంటే దొరకదు. ప్రశ్న మర్యాదగానే ఉంది, జవాబు సూటిగానే ఉంది. మందు పేరు మాత్రం రెండింట్లోనూ లేదు.

ఒక నమూనా కేసు చూద్దాం. ఇది ఏ ఒక్కరి కథా కాదు. తెనాలిలో ఉండే 68 ఏళ్ల పెద్దావిడకు చాలా ఏళ్లుగా బీపీ. టెల్మిసార్టాన్ 40 మాత్ర ఒకటి వేసుకునేది. మార్చిలో బీపీ ఎక్కువగా ఉందని ఫ్యామిలీ డాక్టర్ దాన్ని మార్చి, అదే టెల్మిసార్టాన్‌తో పాటు హైడ్రోక్లోరోథయాజైడ్ అనే మందు కూడా కలిసిన మాత్ర రాశారు. మందుల షాపుల భాషలో ‘హెచ్ ఉన్నది’. ఈ రెండో మందు మూత్రం ద్వారా ఉప్పును బయటికి పంపి బీపీని తగ్గిస్తుంది. మంచి మందే, చవకైన మందే. కాకపోతే వయసు మీదపడిన వాళ్లలో, ముఖ్యంగా సన్నగా ఉండే ఆడవాళ్లలో, ఒక్కోసారి రక్తంలో సోడియాన్ని మరీ కిందికి లాగేస్తుంది.

మేలో ఆవిడకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. నీరసానికి తోడు తూలడం, మగత. గుంటూరులో ఒక ఆసుపత్రిలో చేర్చారు. సోడియం 135 నుంచి 145 మధ్య ఉండాల్సింది 118 ఉంది. సెలైన్‌తో మెల్లగా సరిచేసి, హెచ్ ఉన్న మాత్ర ఆపేసి, బీపీకి ఆమ్లోడిపిన్ 5 ఒక్కటే ఇచ్చి ఐదు రోజులకు ఇంటికి పంపారు. డిశ్చార్జ్ సమ్మరీలో ఆ సంగతి రాసే ఉంది. అయితే చివరి పేజీలో, మందుల పట్టిక కింద, చిన్న అక్షరాల్లో.

జూన్‌లో హైదరాబాద్‌లో ఉన్న కూతురు ఫ్యామిలీ డాక్టర్‌కు పైన చెప్పిన మెసేజ్ పెట్టింది. ఆమె మనసులో పాత మందులంటే గుంటూరు ఆసుపత్రి వాళ్లు ఇచ్చినవి. నెల కావస్తోంది కాబట్టి అవి ఆమెకు పాతవే. డాక్టర్‌గారి జ్ఞాపకం మార్చి దగ్గరే ఆగిపోయింది. మేలో ఆసుపత్రిలో చేరిన విషయం ఆయనకు ఎవరూ చెప్పలేదు కాబట్టి ఆయన లెక్కలో పాతవంటే హెచ్ ఉన్న మాత్ర. కూతురు వెంటనే తల్లికి ఫోన్ చేసి, “అమ్మా, డాక్టర్‌గారు పాతవే వాడమన్నారే” అంది. తల్లి లేచి మందుల డబ్బా తీసింది. ఆసుపత్రికి ముందు మిగిలిపోయిన స్ట్రిప్పులు అందులో భద్రంగా ఉన్నాయి. డబ్బు పెట్టి కొన్న మాత్రల్ని పారేసే అలవాటు మన ఇళ్లలో ఎక్కడుంది? ఆవిడకు అంతకంటే పాతవి ఇంకేముంటాయి!

ముగ్గురూ ఒకే మాట చెప్పుకున్నారు. కూతురు ఒక జాబితా అనుకుంది, డాక్టర్ ఇంకోటి అనుకున్నారు, తల్లి డబ్బాలో దొరికింది వేసుకుంది. ఈ మందుతో ఒకసారి సోడియం పడిపోయినవాళ్లకు మళ్లీ మొదలుపెడితే మళ్లీ పడిపోయే అవకాశం ఎక్కువ. కొందరిలో కొద్దిరోజుల్లోనే. అది బయటపడే తీరు కూడా మోసం చేస్తుంది. జ్వరం ఉండదు, నొప్పి ఉండదు. మనిషి మందకొడిగా మాట్లాడుతుంది, పగలు నిద్రపోతుంది, నడుస్తూ గోడ పట్టుకుంటుంది, చెప్పిందే చెబుతుంది. “పెద్దతనం కదా” అని ఇంట్లోవాళ్లు సరిపెట్టుకుంటారు. బీపీ చూస్తే చక్కగా ఉంటుంది, దాంతో మందు బాగా పనిచేస్తోందనే అనుకుంటారు. అనుమానం వచ్చి ఎలక్ట్రోలైట్స్ రక్తపరీక్ష చేయిస్తే గానీ సంగతి తేలదు.

దీనికి మన దేశంలో రాతపూర్వకంగా ఒక నియమం ఉందని చాలామందికి తెలియదు. కోవిడ్ లాక్‌డౌన్ మొదలైన రోజునే, 2020 మార్చి 25న, టెలిమెడిసిన్ మార్గదర్శకాలు వచ్చాయి. ఫోన్‌లోనో మెసేజ్‌లోనో జరిగే వైద్య సలహాను అవి రెండుగా విడదీశాయి: మొదటిసారి సలహా, కొనసాగింపు సలహా. అదే డాక్టర్, అదే జబ్బు, నేరుగా చూపించుకుని ఆరు నెలలు దాటకూడదు. అలా ఉంటేనే కొనసాగింపు కింద లెక్క. ఆ తర్వాత రెండు మినహాయింపులు పెట్టారు. ఆ జబ్బుకు సంబంధం లేని కొత్త లక్షణాలు కనిపిస్తే కొనసాగింపు కాదు. వెనకటి చికిత్స, ఇచ్చిన సలహా డాక్టర్‌కు గుర్తులేకపోయినా కొనసాగింపు కాదు.

ఆ రెండో మినహాయింపు రాసినవాళ్లెవరో గానీ, డాక్టర్ల ఫోన్లు దగ్గరగా చూసినవాళ్లే అయివుంటారు. రోజుకు ఎందరినో చూసే మనిషికి మార్చిలో ఎవరికి ఏం రాశారో గుర్తుండకపోవడం నేరం కాదని అది ఒప్పుకుంటోంది. గుర్తులేనప్పుడు గుర్తున్నట్టు జవాబివ్వడమే కూడదు. అప్పుడు ఆ రోగిని కొత్తగా వచ్చినట్టే చూడాలి, వివరాలన్నీ మళ్లీ అడగాలి. మందు రాస్తే పేరుతో, మోతాదుతో, సంతకంతో చీటీ పంపాలి. “అవే” అన్న మెసేజ్ చీటీ కిందికి రాదు.

మన నమూనా కేసులో మాత్రం ఈ నియమం కూడా సగమే కాపాడుతుంది. డాక్టర్‌గారికి మార్చి సంగతి బాగా గుర్తుంది! మే సంగతి తెలియదని ఆయనకు తెలియదు. అందుకే గుర్తున్నా లేకపోయినా “మధ్యలో ఎక్కడైనా చూపించారా? ఎవరైనా ఏదైనా మార్చారా?” అని అడిగే డాక్టర్లంటే నాకు గౌరవం. అలా అడిగితే విసుక్కునే బంధువులూ ఉంటారు, “మీరే కదండీ రాశారు” అంటూ.

మందుల షాపుకూ ఇలాంటి కట్టడి ఒకటి పాతకాలం నుంచే ఉంది. 1945 నాటి డ్రగ్స్ రూల్స్ ప్రకారం, షెడ్యూల్ హెచ్‌లో ఉన్న మందుల్ని ఒక చీటీ మీద ఒక్కసారే ఇవ్వాలి. మళ్లీ ఇవ్వవచ్చని డాక్టర్ ఆ చీటీ మీదే రాసి ఉంటే తప్ప. “పోయినసారి ఇచ్చినవే ఇవ్వు బాబూ” అంటే షాపతను రంగు గుర్తుపట్టి ఇచ్చేయడం మన అలవాటు. చట్టం మాత్రం ‘మళ్లీ’ అన్న మాట కూడా డాక్టర్ చేత్తోనే రాయించింది.

ఆసుపత్రి లోపల ఇదే వ్యవహారానికి పొట్టి పేరుంది, సీఎస్‌టీ. కంటిన్యూ సేమ్ ట్రీట్‌మెంట్ అని. రౌండ్స్‌లో డాక్టర్ కేస్‌షీట్ మీద ఆ మూడక్షరాలు రాసి పక్క మంచానికి వెళ్లిపోతారు. రోగి అదే వార్డులో ఉన్నంతవరకూ అది పెద్ద ప్రమాదం కాదు. మందుల చార్ట్ అక్కడే ఉంటుంది, నర్స్ దాన్ని చూసి ఇస్తుంది. రోగి చోటు మారినప్పుడే చిక్కు. ఆపరేషన్‌కు ముందు రక్తం పలచబరిచే మాత్ర ఆపించారనుకోండి. ఆపరేషన్ అయ్యాక ఇంకో డాక్టర్ వచ్చి “పాతవన్నీ మొదలుపెట్టండి” అని రాస్తే, ఆ మాత్ర ఆ రాత్రే మొదలుకావచ్చు, కుట్ల దగ్గర రక్తస్రావం కావచ్చు. లేదా చివరగా చూసిన చార్ట్‌లో లేదు కాబట్టి అది ఎప్పటికీ మొదలుకాకపోవచ్చు. అమెరికాలో ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ ఇలాంటి గంపగుత్త ఆర్డర్లను ఒప్పుకోదు. చోటు మారినప్పుడల్లా ఒక్కో మందునూ పేరుపెట్టి మళ్లీ రాయాల్సిందే.

ఇంటి దగ్గర మన చేతిలో ఉన్నది మెసేజ్ ఒక్కటే. తెనాలి అమ్మాయి ఇలా రాసి ఉంటే సరిపోయేది:

“డాక్టర్‌గారూ, అమ్మ, 68 ఏళ్లు. బీపీకి మార్చిలో మీకు చూపించాం. మేలో వాంతులు, విరేచనాలతో గుంటూరులో ఐదు రోజులు ఆసుపత్రిలో ఉంది. సోడియం 118కి పడిపోయిందని మీరిచ్చిన మాత్ర ఆపేశారు. ఇప్పుడు ఆమ్లోడిపిన్ 5 రాత్రిపూట ఒకటి వేసుకుంటోంది. నిన్న బీపీ 148/86. డిశ్చార్జ్ సమ్మరీ, స్ట్రిప్ వెనక ఫొటో పెట్టాను. ఇదొక్కటే కొనసాగించమంటారా?”

ఇందులో అన్నిటికంటే విలువైన మాట ‘ఆపేశారు’ అన్నది. వాడుతున్న మందులు చెప్పాలని ఎవరికైనా తడుతుంది. ఆపేసినవి, ఎందుకు ఆపారో చెప్పాలని తట్టదు. ఫొటోల విషయంలోనూ రెండు పొరపాట్లు మామూలే. సమ్మరీలో ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఇచ్చిన మందుల పట్టిక ఒకటి, ఇంటికి వెళ్లాక వాడాల్సిన వాటి పట్టిక ఇంకొకటి ఉంటాయి. హడావుడిలో మొదటిదాన్నే ఫొటో తీసి పంపుతుంటారు. స్ట్రిప్పు విషయానికొస్తే, పేరూ మోతాదూ ఉన్న వైపు నుంచే మాత్రలు చింపుకుంటూ వస్తే చివరికి వెండి రేకు తప్ప ఏమీ మిగలదు. డాక్టర్ జవాబిచ్చాక ఇంట్లోవాళ్లకు చెప్పేటప్పుడు కూడా “పాతవే” అనకుండా పేరు చెప్పాలి, ఆపేసిన స్ట్రిప్పుల్ని డబ్బాలోంచి తీయించాలి.

మందు పేరు, మోతాదు అన్నీ సరిగ్గా చెప్పుకున్నా ‘ముందులాగే’ అన్నది దెబ్బతీసే చోటు ఒకటుంది. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే తల్లిదండ్రులకు అది తెలిసి ఉండాలి. మన దగ్గర ఇన్సులిన్ సీసాలు ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లవి. వాటికి ఎర్రమూత సిరంజి వాడతాం. అమెరికాలో సాధారణంగా దొరికేది 100 యూనిట్లది, దాని సిరంజికి నారింజరంగు మూత. ఇక్కణ్నుంచి పట్టుకెళ్లిన ఎర్రమూత సిరంజిలోకి అక్కడ కొన్న ఇన్సులిన్‌ను “రోజూ ఎక్కించినట్టే ఇరవయ్యో గీత దాకా” లాగితే సిరంజిలోకి వచ్చేది అర మిల్లీలీటరు. అందులో ఉండేది 20 యూనిట్లు కాదు, 50. గీత మారలేదు, చెయ్యి మారలేదు, మోతాదు రెండున్నర రెట్లయింది. చెమటలు, వణుకు, కాస్త తర్వాత స్పృహ తప్పడం. సీసా మీద 40 అని ఉందో 100 అని ఉందో చూసి, దానికి తగ్గ సిరంజి అక్కడే కొనుక్కోవాలి. పిల్లలకు ఫోన్‌లో చెప్పేటప్పుడు గీత కాకుండా యూనిట్లు చెప్పాలి, సీసా మీది అంకె కూడా చదివి వినిపించాలి.