ముఖం మార్చిన వీడియోలో గడులు కనబడకుండా ఉండాలంటే

2020లో విడుదలైన ‘వెల్‌కమ్ టు చెచెన్యా’ అనే డాక్యుమెంటరీలో, ప్రాణభయంతో పారిపోతున్నవారి ముఖాలపై స్వచ్ఛందంగా ముందుకు వచ్చిన ఇతరుల ముఖాలను కంప్యూటర్ ద్వారా అమర్చారు. మొహం మసకబారిస్తే మనిషి కంటనీరు కనబడదు. ముఖం మారిస్తే బాధ కనబడుతుంది, మనిషి బయటపడడు. అయితే తుది ఫైలు తయారుచేసేటప్పుడు తప్పు జరిగితే, చెంపలపై చదరపు గడులు తేలి, చూసేవారి దృష్టి మాటల నుండి ముఖం మీదికి మళ్ళుతుంది.

గడులు ఎందుకు వస్తాయి? హెచ్.264 కోడెక్ ప్రతి చిత్రాన్నీ 16×16 చుక్కల గడులుగా విభజించి కుదిస్తుంది. కెమెరా తీసిన గోడలో, జుట్టులో సన్నని రేణువులు ఉంటాయి. మార్చిన ముఖం మాత్రం నున్నగా ఉంటుంది. బిట్‌రేట్ తక్కువైతే కోడెక్ తన వాటాను రేణువులకే ఖర్చుచేసి, నున్నని చెంపను చదునైన ముక్కలుగా వదిలేస్తుంది. అతుకు గీత ఒకే గడి మధ్యగా పోయినచోట, అనగా దవడ అంచున, లోపం మరింత స్పష్టమవుతుంది.

ఒక సాక్షి మాట్లాడిన రెండు నిమిషాల వీడియో, 1080పి, సెకనుకు 25 చిత్రాలు అనుకుందాం. ముఖం మార్చిన వెంటనే హెచ్.264లో దాచరాదు, ఒకసారి కుదించినదాన్ని మరల కుదిస్తే లోపాలు పేరుకుంటాయి. మధ్య ఫైలును ప్రోరెస్ 422 హెచ్‌క్యూలో ఉంచాలి. దానికి నిమిషానికి సుమారు 1.4 గిగాబైట్ల చోటు కావాలి. ఆ దశలోనే ముఖానికి పరిసరాలతో సరిపోయే రేణువులను కలపాలి. ఆ తరువాతనే తుది ఫైలు:

```
ffmpeg -i madhya.mov -map_metadata -1 -c:v libx264 -preset slow -crf 17 -aq-mode 3 -pix_fmt yuv420p -c:a aac -b:a 192k tudi.mp4
```

ఇందులో crf సంఖ్య తగ్గేకొద్దీ నాణ్యత, ఫైలు పరిమాణం పెరుగుతాయి. 23 వద్ద నీడపడిన చెంపపై గడులు తరచుగా కనబడతాయి. 17 వద్ద అరుదు. -aq-mode 3 చీకటి భాగాలకు ఎక్కువ వాటా ఇస్తుంది. స్థిరమైన బిట్‌రేటే కావాలంటే 20 మెగాబిట్లు సరిపోతుంది. రెండు నిమిషాలకు సుమారు 300 మెగాబైట్లు అవుతుంది. -map_metadata -1 వీడియో తీసిన స్థలం, సమయం వంటి గుర్తులను తొలగిస్తుంది. సాక్షికి ఇది ముఖమంత ముఖ్యం.

పరీక్ష ఎలా? తల తిప్పిన క్షణంలో వీడియో ఆపి, రెండింతలు పెంచి దవడ అంచును చూడండి. మళ్ళీ నడిపినప్పుడు చుట్టూ రేణువులు కదులుతుండగా చెంప మాత్రం స్తంభించి ఉంటే రేణువులు చాలలేదు. గడులు తేలితే crf తగ్గించండి.

వాట్సాప్‌లో వీడియోగా పంపితే అది మళ్ళీ కుదిస్తుంది; డాక్యుమెంటుగా పంపండి. గొంతు మాత్రం ఏ కోడెక్‌తోనూ మారదు. దానిని విడిగా మార్చాలి. ఆ డాక్యుమెంటరీలో ముఖం అంచులను కావాలనే కొంత మెత్తగా ఉంచారు, ప్రేక్షకులు మోసపోకూడదని. మీరూ సాక్షి అనుమతితోనే ముఖం మార్చి, “రక్షణ కొరకు ముఖం మార్చబడినది” అని తెరపై వ్రాయండి.